టీవీ లోగో దగ్గరే ఆగిపోతే ముందు లోగోనే చూడాలి

పాలకొల్లుకీ ఆచంటకీ మధ్య ఒక ఊళ్లో, నాలుగేళ్ల కిందట కొన్న 43 అంగుళాల ఆండ్రాయిడ్ టీవీ. రాత్రి పదకొండింటికి తెర మీద "అప్‌డేట్ సిద్ధంగా ఉంది" అని వచ్చింది. ఇంట్లో కుర్రాడు ఓకే నొక్కేసి పడుకున్నాడు. రెండు గంటలప్పుడు గాలికి కొబ్బరి మట్ట లైను మీద పడి కరెంటు పోయింది, తెల్లారగట్ట వచ్చింది. పొద్దున్న భక్తి ఛానల్ పెడదామని బామ్మగారు రిమోట్ నొక్కితే కంపెనీ లోగో వచ్చి కూర్చుంది, ఎంతసేపటికీ కదల్లేదు. "ఒరేయ్, ఇదేంట్రా పేరు చూపించి ఊరుకుంటుంది" అన్నారావిడ. మెకానిక్‌కి ఫోన్ చేస్తే అటు నుంచి వెంటనే వచ్చిన జవాబు: "బోర్డు పోయుంటదండీ, మార్చేయాలి."

బోర్డు పోయి ఉండొచ్చు. కానీ ఫోన్‌లో విని చెప్పగలిగే సంగతి కాదది. చెప్పాలంటే తెర మీద ఉన్న ఆ లోగోని కాసేపు తేరిపార చూడాలి, ఎందుకంటే టీవీ ఎక్కడిదాకా లేచి ఎక్కడ పడిపోయిందో చెప్పే గుర్తు అదొక్కటే.

స్మార్ట్ టీవీ లోపల నిజానికి ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది. మెయిన్ బోర్డు మీద ప్రాసెసర్, ర్యామ్, వాటి పక్కనే ఇఎంఎంసి అనే మెమొరీ చిప్పు ఉంటాయి. సాఫ్ట్‌వేర్ అంతా ఆ చిప్పులోనే, గదులుగా విడగొట్టి ఉంటుంది. మొదటి గదిలో బూట్‌లోడర్, అంటే కరెంటు రాగానే ముందుగా లేచే చిన్న ప్రోగ్రామ్. ఇంకో గదిలో అసలు సిస్టమ్. మరోదాంట్లో మనం పెట్టుకున్న యాప్‌లు, వైఫై పాస్‌వర్డ్, సెట్టింగులు. రికవరీ అని ఇంకో చిన్న గది కూడా విడిగా ఉంటుంది, దాని సంగతి తర్వాత. కదలకుండా ఉండే మొదటి లోగోని చూపించేది బూట్‌లోడరే. ఆ తర్వాత సిస్టమ్ లేస్తుంటే రెండో బొమ్మ వస్తుంది, మెరుస్తూనో చుక్కలు తిరుగుతూనో కదిలే లోగో. అది కూడా దాటితేనే హోమ్ స్క్రీన్.

కాబట్టి లోగో కదలకుండా ఉందంటే బూట్‌లోడర్ బతికే ఉంది, సిస్టమ్ మొదలవలేదు. లోగో కదులుతూ గంటైనా అక్కడే ఉందంటే సిస్టమ్ లేచింది గానీ లోపలికి వెళ్లలేక తన్నుకుంటోంది, ఎక్కువసార్లు పాత యాప్‌ల డేటాకీ కొత్త సిస్టమ్‌కీ పొసగక. లోగో వచ్చి, తెర నల్లబడి, మళ్లీ లోగో వచ్చి, ఇలా నిమిషానికోసారి జరుగుతుంటే టీవీ పడిపోయిన ప్రతిసారీ తనంతట తనే రీస్టార్ట్ అవుతోందన్నమాట. ఈ మూడో రకంలో పవర్ బోర్డు బలహీనపడిన కేసులు కూడా కలిసిపోతాయి, అందుకే కాస్త జాగ్రత్తగా చూడాలి. సరిగ్గా బ్యాక్‌లైట్ వెలిగే క్షణంలోనే ప్రతిసారీ ఆరిపోతుంటే అనుమానం సాఫ్ట్‌వేర్ మీద కన్నా పవర్ మీదే ఎక్కువ పెట్టుకోవాలి. ఇక లోగోనే రాక కేవలం ఎర్ర లైటు వెలుగుతుంటే అది వేరే రోగం, ఇక్కడ చెప్పేవేవీ దానికి పెద్దగా పనికిరావు.

అప్‌డేట్ తర్వాత మొదటిసారి ఆన్ అయినప్పుడు టీవీ మామూలు కన్నా చాలా ఎక్కువ టైం తీసుకుంటుంది. ఉన్న యాప్‌లన్నిటినీ కొత్త సిస్టమ్‌కి తగ్గట్టు మళ్లీ సిద్ధం చేసుకోవాలి, టీవీల్లో ఉండే ప్రాసెసర్లేమో ఫోన్ల వాటి కన్నా నిదానం. పది పదిహేను నిమిషాలు కదిలే లోగో తిరగడం రోగం కాదు. అక్కడ టెన్షన్ పడి ప్లగ్గు పీకితే బాగుపడేదాన్ని చేజేతులా చెడగొట్టినట్టే. అరగంట వదిలేయాలి. అరగంట దాటాకే దాన్ని "ఆగిపోయింది" అనాలి.

మరి కరెంటు పోతే ఏమవుతుందంటే అది టీవీ ఏ పద్ధతిలో అప్‌డేట్ అవుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. కొత్త మోడళ్లలో చాలావాటికి సిస్టమ్ గదులు రెండేసి ఉంటాయి. ఒకదాంట్లో టీవీ నడుస్తుండగా రెండోదాంట్లో కొత్త సాఫ్ట్‌వేర్ రాసుకుంటుంది, రీస్టార్ట్ అయినప్పుడు అటు మారుతుంది. కొత్తది కొన్నిసార్లు ప్రయత్నించినా లేవకపోతే బూట్‌లోడర్ తనే పాతదానికి తిరిగెళ్లిపోతుంది. అలాంటి టీవీ లోగో దగ్గర ఆగితే నాలుగైదుసార్లు ఆపి ఆన్ చేయడమే ఒక్కోసారి మందు, చూసేవాళ్లకి మాత్రం ఏదో మహత్తులా ఉంటుంది. పాత మోడళ్లలో, చవకవాటిలో సిస్టమ్ గది ఒక్కటే. ఉన్నదాని మీదే కొత్తది రాస్తుంది. సగం రాశాక కరెంటు పోతే సగం పాతదీ సగం కొత్తదీ మిగిలిపోవచ్చు. మన పాలకొల్లు టీవీ ఈ రెండో రకం.

ఇక్కడ డెల్టా ఊళ్ల సంగతి ఒకటి చెప్పుకోవాలి. టీవీ పాడైతే అందరూ ముందు "లో వోల్టేజీ" అంటారు. చేపల, రొయ్యల చెరువుల మీద నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు రాత్రిళ్లే ఎక్కువ తిరుగుతాయి, తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి. ఆ టైంలో లైట్లు మందగించే ఊళ్లు భీమవరం, ఆకివీడు వైపు చూసినవాళ్లకి కొత్త కాదు. కానీ టీవీ వెనక స్టిక్కర్ చూడండి, చాలావాటి మీద 100-240V అని ఉంటుంది. వోల్టేజీ 170కి పడినా అలాంటి టీవీకి పెద్దగా పట్టదు. దాన్ని దెబ్బతీసేది రాస్తున్న మధ్యలో కరెంటు పూర్తిగా పోవడం, పోయి మళ్లీ ఒక్క ఉదుటున రావడం. అందుకని అప్‌డేట్ పూట స్టెబిలైజర్ చేసే మేలు తక్కువ, ఇన్వర్టర్ లైనో కంప్యూటర్‌కి పెట్టుకునే యూపీఎస్సో చేసే మేలు ఎక్కువ. చాలా ఇళ్లలో ఇన్వర్టర్‌కి ఫ్యాన్లూ లైట్లే కలిపి టీవీ ప్లగ్గుని వదిలేస్తారు, ఈ ఇంట్లో జరిగిందీ అదే.

సరే, పవర్ సైకిల్, అంటే కరెంటు పూర్తిగా తీసి మళ్లీ ఇవ్వడం. "ఆపి ఆన్ చేశామండీ, అయినా రాలేదు" అంటారు చాలామంది, చూస్తే రిమోట్‌తో ఆపి ఉంటారు. రిమోట్‌తో ఆపితే టీవీ పడుకుంటుంది అంతే, పవర్ బోర్డు నుంచి కొంత కరెంటు మెయిన్ బోర్డుకి అందుతూనే ఉంటుంది, ర్యామ్‌లో ఇరుక్కున్నది కూడా చాలాసార్లు అలాగే ఉండిపోతుంది. గోడ స్విచ్ ఆపినా, వెంటనే వేస్తే లాభం లేదు, బోర్డు మీద కెపాసిటర్లలో మిగిలిన కరెంటు కొన్ని సెకన్లు దాన్ని నిలబెడుతుంది. సరైన పద్ధతి ఇది: ప్లగ్గు గోడ నుంచి తీసేయాలి. తర్వాత టీవీ అడుగునో వెనకో ఉన్న పవర్ బటన్‌ని ముప్పై సెకన్లు నొక్కి పట్టాలి, మిగిలిన ఛార్జ్ పోవడానికి. ఆ తర్వాత పది నిమిషాలు అలా వదిలేయాలి. ఈలోపు వెనక ఉన్నవన్నీ పీకేయాలి: సెట్‌టాప్ బాక్స్ వైరు, సౌండ్‌బార్, సినిమాలు నింపిన పెన్‌డ్రైవ్, ఇంటర్నెట్ వైరు, యాంటెన్నా.

ఇవన్నీ ఎందుకు పీకాలీ అంటే, టీవీ లేచేటప్పుడు యూఎస్‌బీలో ఏముందో, హెచ్‌డీఎంఐ అవతల ఎవరున్నారో పలకరించి చూస్తుంది. పాడైన పెన్‌డ్రైవ్ ఒకటి జవాబు చెప్పకుండా సతాయిస్తే టీవీ అక్కడే ఆగిపోయే అవకాశముంది. లోగో దగ్గర ఆగిన టీవీ ఒట్టి పెన్‌డ్రైవ్ తీయగానే లేచిన సందర్భాలు ఉన్నాయి, నవ్వులాటగా ఉంటుంది గానీ నిజం. పది నిమిషాలయ్యాక పవర్ వైరు ఒక్కటే, అదీ ఎక్స్‌టెన్షన్ బాక్స్ లేకుండా నేరుగా గోడకి పెట్టి, టీవీ మీద ఉన్న బటన్‌తోనే ఆన్ చేయాలి.

దీంతో బాగయ్యేది ర్యామ్‌లో ఇరుక్కున్న తికమకా, బయటి వస్తువుల గొడవా. చిప్పులో రాసి ఉన్నదే సగం చెడితే ఎన్నిసార్లు ప్లగ్గు తీసి పెట్టినా అదే చెడు మళ్లీ చదువుతుంది. రెండు మూడుసార్లు చాలు, రెండు గదుల టీవీ అనిపిస్తే ఇంకో రెండుసార్లు. అంతకు మించి పొద్దంతా పీకి పెట్టడం అనవసరం.

తర్వాతి మెట్టు రికవరీ. ప్లగ్గు తీసి, టీవీ మీద పవర్ బటన్ నొక్కి పట్టుకునే ప్లగ్గు పెట్టి, లైటు రంగు మారేదాకానో కొత్త తెర వచ్చేదాకానో వదలకుండా ఉంటే చాలా ఆండ్రాయిడ్ టీవీలు రికవరీ మెనూకి వెళతాయి. బటన్ ఏది, ఎంతసేపు అన్నది మోడల్‌ని బట్టి మారుతుంది. అక్కడ `Wipe data/factory reset` అని ఉంటుంది. అది తుడిచేది యాప్‌లూ సెట్టింగులూ ఉన్న గదిని మాత్రమే, సిస్టమ్ గదిని ముట్టుకోదు. అందుకే కదిలే లోగో దగ్గర ఆగినవాటికి ఇది బాగా పనిచేస్తుంది, కదలని లోగోకి అంతగా పనిచేయదు. మన టీవీలో లోగో కదల్లేదు. ప్లగ్గు తంతు రెండుసార్లు చేశారు, రికవరీలో తుడిచారు, మళ్లీ అదే లోగో. దాంతో తేలిందేంటంటే బూట్‌లోడర్ బాగుంది, రికవరీ బాగుంది, మధ్యలో సిస్టమ్ గదే సగం రాసి ఆగిపోయింది. పెన్‌డ్రైవ్ వాడాల్సింది సరిగ్గా ఇలాంటి చోట.

పెన్‌డ్రైవ్‌తో సాఫ్ట్‌వేర్ వేయడంలో అసలు పని ఐదు నిమిషాలదే, తప్పులన్నీ దాని ముందే జరుగుతాయి. మొదటి తప్పు ఫైలు ఎంచుకోవడంలో. "43 అంగుళాల ఫలానా కంపెనీ" అని వెతికితే కుదరదు. టీవీ వెనక స్టిక్కర్ మీద మోడల్ నంబర్ పూర్తిగా, చివరి అక్షరాలూ అంకెలతో సహా చూడాలి. ఒకే పేరుతో అమ్మిన టీవీల్లోనే ఒక బ్యాచ్‌కి ఒక ప్యానెల్, ఇంకో బ్యాచ్‌కి వేరే ప్యానెల్ వేసి ఉండొచ్చు, తేడా అంతా ఆ చివరి అక్షరాల్లోనో సీరియల్ నంబర్‌లోనో ఉంటుంది. వేరే ప్యానెల్ ఫైలు వేస్తే ఏమవుతుందంటే బొమ్మ తలకిందులుగా రావచ్చు, రంగులు పాత ఫోటో నెగెటివ్‌లా తిరగబడొచ్చు, రిమోట్ పలక్కపోవచ్చు, లేదా తెరే నల్లగా ఉండిపోవచ్చు. వేరే బోర్డుకి చెందిన ఫైలైతే బూట్‌లోడరే చెరిగిపోయి, ఇప్పటిదాకా కనిపించిన ఆ లోగో కూడా మాయమయ్యే ప్రమాదముంది. అప్పుడు ఇంట్లో చేయగలిగేది ఏమీ ఉండదు. కాబట్టి ఫైలు కంపెనీ వెబ్‌సైట్ నుంచి తీసుకోవాలి, అక్కడ లేకపోతే కస్టమర్ కేర్‌కి స్టిక్కర్ ఫోటో పంపి అడగాలి. ఎక్కడో డబ్బులు కట్టించుకుని ఇచ్చే సైట్లు చివరి దారి, అదీ బోర్డు మీద ముద్రించిన నంబర్ చదివి సరిపోల్చగలిగిన మెకానిక్‌కి మాత్రమే.

రెండో తప్పు పెన్‌డ్రైవ్‌తో. బూట్‌లోడర్ చాలా చిన్న ప్రోగ్రామ్, దానికి FAT32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్ తప్ప మిగతావి సాధారణంగా చదవడం రాదు. ఇప్పుడు దొరికే 64 జీబీ, 128 జీబీ పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా exFAT తో వస్తాయి. విండోస్‌లో రైట్ క్లిక్ చేసి ఫార్మాట్ అంటే 32 జీబీ దాటినవాటికి మామూలుగా FAT32 అనే మాటే కనిపించదు. సొరుగులో పడి ఉన్న పాత 8 జీబీదో 16 జీబీదో దీనికి రాజా. టీవీకి రెండు యూఎస్‌బీ సాకెట్లుంటే ఒకటే ఈ పనికి పనిచేయొచ్చు. ఒకదాంట్లో చదవకపోతే రెండోదాంట్లో పెట్టి చూడాలి, నీలం రంగుది కాకుండా మామూలు 2.0 సాకెట్ ముందు.

మూడోది ఫైలు పేరు, చూడ్డానికి చిన్నదే గానీ మనుషుల్ని సగం రోజు తిప్పేది ఇదే. బూట్‌లోడర్ పెన్‌డ్రైవ్ అంతా వెతకదు, ఫలానా పేరుతో ఫైలు ఫోల్డర్ల బయట ఉందా అని మాత్రం చూస్తుంది. ఎంస్టార్ ప్రాసెసర్ ఉన్న చాలా బోర్డులకి ఆ పేరు `MstarUpgrade.bin`, రియల్‌టెక్ వాటికి `install.img`. కొన్ని కంపెనీలు ఫలానా పేరుతో ఫోల్డర్ చేసి అందులో పెట్టమంటాయి. కంపెనీ ఇచ్చిన సూచనల్లో ఏది ఉంటే అక్షరం పొల్లు పోకుండా అదే. జిప్ ఫైలు వస్తే విప్పి, లోపలి ఫైలు వేయాలి, జిప్‌ని అలాగే వేయకూడదు.

మన కేసులో కుర్రాడు ఫోన్‌లో డౌన్‌లోడ్ పెట్టాడు. మొదటిసారి సిగ్నల్ పోయి మధ్యలో ఆగింది, రెండోసారి పూర్తయింది. రెండో ఫైలు పేరు `MstarUpgrade (1).bin` అయింది. మొదట పెట్టింది ఇంట్లో ఉన్న 64 జీబీ పెన్‌డ్రైవ్, టీవీ కన్నెత్తి చూడలేదు. పక్కింట్లోంచి పాత 16 జీబీది తెచ్చి FAT32 చేసి పెట్టినా కదలిక లేదు, ఎందుకంటే పేరులో ఆ (1) అలాగే ఉంది. పేరు సరిచేయమంటే చేశాడు, కానీ కంప్యూటర్‌లో పేరు చివరుండే .bin లాంటి ఎక్స్‌టెన్షన్లు దాచే సెట్టింగ్ ఉండటంతో అది `MstarUpgrade.bin.bin` అయి కూర్చుంది. చివరికి విండోస్‌లో ఎక్స్‌టెన్షన్లు కనబడేలా పెట్టి సరిచేశాక గానీ దారికి రాలేదు. డౌన్‌లోడ్ నిండుగా వచ్చిందో లేదో చూడ్డానికి కంపెనీ పేజీలో రాసిన సైజుతో పోల్చాలి. MD5 అనే పొడుగాటి సంఖ్య కూడా ఇస్తే కంప్యూటర్‌లో ఈ కమాండ్ కొట్టి రెండూ ఒకటేనా అని సరిచూసుకోవచ్చు:

```
certutil -hashfile MstarUpgrade.bin MD5
```

ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఫైలు వేయకూడదు, మళ్లీ డౌన్‌లోడ్ చేయాల్సిందే.

ఇక వేయడం. ప్లగ్గు తీసి ఉండగానే పెన్‌డ్రైవ్ పెట్టాలి, టీవీ మీది బటన్ నొక్కి పట్టి ప్లగ్గు పెట్టాలి. పెన్‌డ్రైవ్‌కి చిన్న లైటు ఉంటే అది ఇప్పుడు మంచి సాక్షి. లైటు టకటకా కొట్టుకుంటూ ఉంటే టీవీ చదువుతోందని. ఒక్కసారి వెలిగి ఆగిపోతే చూసింది, నచ్చక వదిలేసిందని, అంటే పేరో ఫార్మాటో తేడా. టీవీ ముందున్న ఇండికేటర్ కూడా ఎర్రగా నీలంగా మారుతూ మెరవడం మొదలెడుతుంది, అప్పుడు బటన్ వదిలేయాలి. కొన్నిటిలో తెర మీద శాతం చూపిస్తూ గీత పాకుతుంది, కొన్నిటిలో తెర నల్లగానే ఉంటుంది. ఐదు నుంచి పదిహేను నిమిషాలు పట్టొచ్చు. ఈ పదిహేను నిమిషాలూ టీవీ ఇన్వర్టర్ లైను మీద ఉండాలి. కరెంటు పోయి చెడినదాన్ని బాగుచేస్తూ మళ్లీ కరెంటుకే వదిలేయడం ఏం తెలివి?

పాలకొల్లు టీవీకి ఎనిమిది నిమిషాలు పట్టింది. తనే రీస్టార్ట్ అయింది, లోగో వచ్చింది, బామ్మగారు "మళ్లీ అదేరా" అని నిట్టూర్చారు, కాసేపటికి లోగో కదలడం మొదలైంది. ఇంకో తొమ్మిది నిమిషాలకి భాష ఎంచుకోమని అడిగింది. రీస్టార్ట్ అవగానే పెన్‌డ్రైవ్ తీసేయాలి. తీయకపోతే కొన్ని బోర్డులు ఆన్ చేసిన ప్రతిసారీ ఆ ఫైలే మళ్లీ వేసుకుంటూ కూర్చుంటాయి, బాగవ్వలేదనుకుని జనం హడలిపోతారు.

అంతా సరిగ్గా చేసినా లేవని టీవీలుంటాయి, వాటి సంగతి వేరు. ఇఎంఎంసి చిప్పుకి ఆయుష్షు ఉంటుంది. రాసిన కొద్దీ అరుగుతుంది, నాలుగు జీబీ ఎనిమిది జీబీ మాత్రమే ఉండి నిండా యాప్‌లతో ఇరుకైపోయిన టీవీల్లో అదే చోట మళ్లీ మళ్లీ రాసి ఇంకా తొందరగా అరుగుతుంది. అలా చివరికొచ్చిన చిప్పు మీద అప్‌డేట్ ఒకేసారి ఒక జీబీ పైన రాయబోతే అక్కడ చతికిలబడుతుంది. జనం అప్‌డేట్‌ని తిడతారు, అది లేకపోయినా ఇంకొన్నాళ్లకి అదే జరిగేది.

దీన్ని పట్టుకోవడానికి గట్టి గుర్తులు రెండు. ఒకటి, పెన్‌డ్రైవ్ నుంచి వేస్తుంటే ప్రతిసారీ అదే శాతం దగ్గర, డ్రైవ్ మార్చినా ఫైలు మళ్లీ తెచ్చినా అక్కడే ఆగడం. రెండోది ఇంకా విచిత్రం: రికవరీలో అంతా తుడిచేశాం, పూర్తయిందని కూడా చూపించింది, తీరా ఒక్కోసారి టీవీ లేస్తే పాత వైఫై పేరు, పాత యాప్‌లు ఎక్కడివక్కడే ఉంటాయి. అరిగిన చిప్పు కొన్నిసార్లు రాయడం మానేసి చదవడానికి మాత్రమే పనిచేసే స్థితికి వెళ్లిపోతుంది, రాసినట్టు నటిస్తుంది గానీ అక్కడేమీ మారదు. ఇలాంటిదానికి ఎన్ని పెన్‌డ్రైవ్‌లు పెట్టినా ఫలితం ఉండదు. చిప్పు ఊడదీసి, అదే సైజు కొత్తదాంట్లో ప్రోగ్రామర్ అనే పరికరంతో సాఫ్ట్‌వేర్ రాసి వేడి గాలితో అతికించాలి, లేదా మెయిన్ బోర్డు మార్చాలి. మొదటిది చేయగలిగినవాళ్లు ప్రతి ఊళ్లో దొరకరు, రాజమండ్రికో కాకినాడకో భీమవరానికో మోసుకెళ్లాల్సి రావచ్చు. ఇంట్లో వెనక మూత విప్పే ప్రయత్నం మాత్రం వద్దు, పవర్ బోర్డు మీద పెద్ద కెపాసిటర్‌లో ప్లగ్గు తీసిన తర్వాత కూడా మూడొందల వోల్టుల పైనే మిగిలి ఉండొచ్చు.

అలాంటి టీవీ తీసుకుని షాపుకి వెళ్లినప్పుడు "రావట్లేదండీ" అని ఊరుకుంటే "బోర్డు మార్చాలి" అనే మాటే వినిపిస్తుంది. అదే "లోగో కదలట్లేదు, రికవరీ వస్తోంది, కంపెనీ ఫైలు వేస్తే రెండుసార్లూ 37 శాతం దగ్గరే ఆగింది" అని చెబితే అవతలివాడు చిప్పు సంగతి ముందుగా చూస్తాడు. బోర్డు ధర అడిగేటప్పుడు చిప్పు మార్చడానికి ఎంతో కూడా అడగాలి.